గొంతు ఒకటే, స్వరం మారుతుంది

అట్లాంటాలో 2001లో మొదలైన మెయిల్‌చింప్ తన రాతల నియమావళిని అందరికీ అందుబాటులో పెట్టింది. సంస్థ గొంతు ఎప్పుడూ ఒకటే, స్వరం మాత్రం చదివేవారి మనఃస్థితిని బట్టి మారాలన్నది అందులో కీలకం. ‘నింజా’, ‘రాక్‌స్టార్’ లాంటి గొప్ప మాటలకు అక్కడ చోటు లేదు.

తెలుగులో చెల్లింపుల యాప్ పెట్టేవారికీ ఇది పనికొస్తుంది. ఆసుపత్రి బిల్లు కడుతుండగా తెరమీద ‘అయ్యో! లావాదేవీ విఫలమైంది!’ అని కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. ‘డబ్బు అవతలివారికి చేరలేదు. మళ్లీ పంపేముందు మీ ఖాతా ఒకసారి చూసుకోండి’ అంటే ఏం జరిగిందో, ఏం చేయాలో తెలుస్తుంది.

నియమావళిలో ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కనే రాయాలి: ‘లావాదేవీ’ బదులు ‘చెల్లింపు’, డబ్బు చిక్కుకున్నచోట ‘అయ్యో’ వద్దు. కారణం కూడా రాయాలి. అది లేని జాబితాను కొత్తగా చేరినవారు పట్టించుకోరు.