ఒకే టెంపో, రెండు ఇళ్ల సామాను

దిల్‌సుఖ్‌నగర్‌లో పక్కపక్క పోర్షన్లలో ఉండే ఇద్దరు మిత్రులు ఒకే ఆదివారం ఇళ్లు మారారు. ఒకరు సంసారి, రెండోవారు బ్రహ్మచారి. సంసారి వెళ్లేది హయత్‌నగర్‌కి, సుమారు 10 కిలోమీటర్లు. బ్రహ్మచారికి చౌటుప్పల్‌లో ఉద్యోగం. అదే విజయవాడ రోడ్డు మీద ఇంకో 30 కిలోమీటర్లు పోవాలి. దారి ఒకటే కదా అని ఇద్దరూ కలిసి ఒక టెంపో మాట్లాడారు. కిరాయి 4,200 రూపాయలు.

"చెరిసగం వేసుకుందాం బావా" అన్నాడు బ్రహ్మచారి. అంటే తలా 2,100. సంసారికి అది నచ్చలేదు. హయత్‌నగర్ వరకే అయితే 2,000కు వస్తానని అదే డ్రైవరు ముందే చెప్పాడు మరి.

ఆయన ఇంకో లెక్క తీశాడు. కిలోమీటరుకు 105 పడుతోంది. మొదటి పది కిలోమీటర్ల ఖర్చు సామానును బట్టి ఇద్దరూ పంచుకోవాలి, ఆ తర్వాతదంతా చౌటుప్పల్ వెళ్లేవాడిదే. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అలా చేస్తే బ్రహ్మచారి వాటా 3,400 దాటుతుంది. ఒక మంచం, చిన్న ఫ్రిజ్, నాలుగు అట్టపెట్టెలకు ట్రాలీ ఆటో 2,500కే వస్తుంటే ఆ డబ్బు ఎవరిస్తారు?

చివరికి టేపు పట్టారు. టెంపో తొట్టి పొడవు 12 అడుగులు. అందులో సంసారి సామాను 9 అడుగులు ఆక్రమించింది, బ్రహ్మచారిది 3. ఎవరి అడుగులను వారి కిలోమీటర్లతో గుణించారు. సంసారికి 90, బ్రహ్మచారికి 120, మొత్తం 210 వాటాలు. 4,200ను 210తో భాగిస్తే వాటాకు 20 రూపాయలు. అలా సంసారి 1,800, బ్రహ్మచారి 2,400 ఇచ్చారు. విడివిడిగా వెళ్తే అయ్యేదానికంటే ఇద్దరికీ తక్కువే పడింది. ఈ ఒక్క పరీక్షలో నెగ్గని పంపకాన్ని ఒప్పుకోనక్కర్లేదు.

బరువు తూచకుండా అడుగులు కొలవడానికి కారణం ఉంది. ఇంటి సామానుతో బండి బరువుకు ఆగదు, చోటు చాలక ఆగుతుంది. పరుపు తేలికే, అయినా మూల మొత్తం తినేస్తుంది. పుస్తకాల మూటలో, బియ్యం బస్తాలో ఎక్కువుంటే మాత్రం బరువే చూడాలి.

హమాలీ ఖర్చు ఈ లెక్కలోకి రాలేదు. రెండో అంతస్తు నుంచి బీరువా దింపించుకున్నవాడే ఆ కూలీ ఇచ్చుకున్నాడు. ఎక్కించేటప్పుడు చివర దిగే సామాను ముందు, క్యాబిన్ వైపు వేయాలి. వీళ్లు తొందరలో బ్రహ్మచారి మంచాన్ని వెనక తలుపు దగ్గర పెట్టారు. హయత్‌నగర్‌లో దాన్ని దించి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. దానికి హమాలీలు 200 అడిగారు. చెరో వంద ఇచ్చారు.