పదేళ్ల వారంటీ ఉన్నా బిల్లు ఎందుకొస్తుంది?

ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో ‘10 ఏళ్ల వారంటీ’ అని స్టిక్కర్ ఉంటుంది. దాని కిందే, కళ్లు చికిలించి చూస్తే తప్ప కనబడనంత చిన్నగా ‘కంప్రెసర్‌పై మాత్రమే’ అని ఉంటుంది. సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర మాటా మాటా పెరిగేది చాలాసార్లు ఈ చిన్న అక్షరాల వల్లే.

చాలా ఫ్రిజ్‌లకు రెండు వారంటీలుంటాయి. ఒకటి మొత్తం ఫ్రిజ్‌కి, సాధారణంగా ఏడాది. ఆ ఏడాదిలో తయారీ లోపం వల్ల ఏదైనా పాడైతే సామానూ, కూలీ రెండూ కంపెనీయే భరిస్తుంది. బల్బు, గాజు అరలు, ప్లాస్టిక్ ట్రేలు మాత్రం అప్పుడు కూడా లెక్కలోకి రాకపోవడం మామూలే. రెండోది కంప్రెసర్‌కి ఇచ్చే వారంటీ. కార్డు మీద ‘1+9’ అని ఉంటే, కొన్న తేదీ నుంచి మొత్తం పదేళ్లనీ, అందులో చివరి తొమ్మిదేళ్లూ కంప్రెసర్‌కే వర్తిస్తుందనీ అర్థం.

2021 జూన్‌లో కొన్న ఫ్రిజ్ 2025 మే ఎండల్లో చల్లదనం ఇవ్వడం మానేసిందనుకుందాం. లోపల లైటు వెలుగుతూనే ఉంది. మెకానిక్ మొదట వెనకాల చెవి పెట్టి వింటాడు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా చల్లబడకపోతే ముందుగా గ్యాస్ కారిపోయిందేమోనని చూస్తాడు. అలాకాక, క్షణం సేపు గుయ్‌మని మూలిగి ‘టిక్’మని ఆగిపోతూ, కాసేపటికి మళ్లీ అదే చేస్తుంటే, లోపం కంప్రెసర్‌లో ఉండొచ్చు, దాని పక్కనే అంటిపెట్టుకుని ఉండే చిన్న రిలేలో ఉండొచ్చు. అందుకే రిలే తీసి, మీటర్‌తో కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య వైండింగ్‌ను కొలుస్తాడు. ఏ పిన్ను నుంచైనా బయటి ఇనుప డొప్పకు కరెంటు దారి కనబడితే కంప్రెసర్ పోయినట్టే. వైండింగ్ బాగుండి రిలే పాడైతే ఖర్చు చిన్నదే, కానీ అది యజమానిదే. ఏడాది దాటాక రిలే కంప్రెసర్ వారంటీలోకి రావడం అరుదు.

ఈ ఇంట్లో కంప్రెసరే పోయిందని తేలింది. కొత్తది ఉచితం. అయినా బిల్లు వచ్చింది. అందులో గ్యాస్, ఫిల్టర్, కూలీ, ఇంటికి వచ్చిన ఛార్జీ ఉన్నాయి. యజమానికి ఇది మోసంలా కనిపిస్తుంది. నిజానికి కంప్రెసర్, గొట్టాలు కలిసి గాలి చొరబడకుండా మూసేసిన ఒకే వలయం. పాత కంప్రెసర్ తీయాలంటే గొట్టం కోయాలి, కోస్తే లోపలి గ్యాస్ అంతా పోతుంది. ఆ కాస్త సేపట్లోనే గాలిలోని తేమ లోపలికి చేరుతుంది. తేమను పీల్చుకునే ఫిల్టర్‌ను మార్చకుండా, వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని లాగేయకుండా గ్యాస్ పట్టిస్తే, సన్నటి గొట్టంలో తేమ గడ్డకట్టి ఫ్రిజ్ మళ్లీ మొరాయిస్తుంది. అంటే ఆ పనులు తప్పనిసరి. వాటి ఖర్చు ఎవరిదన్నది మాత్రం కార్డులో రాసిన దాన్ని బట్టి ఉంటుంది. కొన్ని మోడళ్లకు అవీ కలిపే ఇస్తారు కాబట్టి డబ్బు కట్టే ముందు కార్డు చదవాల్సిందే.

మరో గొడవ ఫ్రీజర్‌లో మొదలవుతుంది. పేరుకున్న మంచును చాకుతో పెకలిస్తుంటే, దాని వెనకే ఉన్న పల్చటి అల్యూమినియం రేకుకు చిల్లు పడి గ్యాస్ బుస్సున పోతుంది. అది వాడకంలో జరిగిన నష్టం కాబట్టి మొదటి ఏడాదిలో కూడా ఉచితంగా చేయరు. ఎలుకలు కొరికిన వైర్లకూ, హెచ్చు వోల్టేజీకి కాలిన బోర్డులకూ ఇదే వర్తిస్తుంది.

ఇదంతా బిల్లు వేశాక చెబితే ఎవరికైనా కోపం వస్తుంది. మెకానిక్ పనిముట్లు విప్పకముందే తెలియాలి. అందుకు కౌంటర్ మీద తెలుగులో ఇలాంటి బోర్డు ఒక్కటి చాలు:

‘మీ ఫ్రిజ్ కొని ఏడాది దాటితే కంప్రెసర్ మాత్రమే ఉచితం. గ్యాస్, ఫిల్టర్, రిలే, కూలీ, రాకపోకల ఛార్జీ మీవి. మీ కార్డులో ఇవీ ఉచితమని ఉంటే తీసుకోము. కొన్న బిల్లు, సీరియల్ నంబరు చూపించండి. ఖర్చు ఎంతో ముందే రాసిస్తాం, మీరు సరేనంటేనే పని మొదలుపెడతాం.’

కొత్త కంప్రెసర్ వేసిన రోజు నుంచి మళ్లీ పదేళ్లు లెక్క మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా ఉండదు. పై ఉదాహరణలో వారంటీ 2031 జూన్‌తోనే ముగుస్తుంది. అందుకే జాబ్ షీటు మీద ఏ లోపం కనిపించిందో, ఏ సామాను మార్చారో, కొత్త కంప్రెసర్ నంబరెంతో రాయించుకుని కొన్న బిల్లుతో కలిపి దాచుకోవాలి. కార్డులో ఉచితమని ఉన్నదానికే డబ్బు అడిగితే 1915కు ఫోన్ చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేటప్పుడు ఆ కాగితాలే సాక్ష్యం.