పిల్లల నిద్ర సరిపోతోందా? ఆదివారం ఉదయమే చెబుతుంది

వయసు పెరిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుంది. అయితే పాఠశాల వయసులో అది చాలామంది తల్లిదండ్రులు అనుకున్నంతగా తగ్గదు. పదేళ్ల పిల్లలకు ఎనిమిది గంటల నిద్ర చాలదు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో పిల్లల కోసం సిఫార్సు చేసిన నిద్ర వ్యవధి, రోజు మొత్తానికి, ఇలా ఉంది:

* 4 నుంచి 12 నెలలు: 12–16 గంటలు
* 1–2 ఏళ్లు: 11–14 గంటలు
* 3–5 ఏళ్లు: 10–13 గంటలు
* 6–12 ఏళ్లు: 9–12 గంటలు
* 13–18 ఏళ్లు: 8–10 గంటలు

మొదటి మూడు వర్గాల్లో పగటి కునుకులు కూడా కలిసే ఉన్నాయి. నాలుగు నెలలలోపు శిశువుల నిద్రలో తేడాలు ఎక్కువ కాబట్టి వారికి ఆ సంస్థ పరిమితి చెప్పలేదు. పెద్దలకు కనీసం 7 గంటలు అవసరం.

లెక్క ఎలా వేయాలి?

పడక మీద గడిపిన సమయమంతా నిద్ర కాదు. ఉదాహరణకు పదేళ్ల బాలుడు రాత్రి 10.30కు పడుకుని, 10.50కి నిద్రపోయి, ఉదయం 6 గంటలకు లేపితే లేస్తున్నాడనుకుందాం. అతని నిద్ర 7 గంటల 10 నిమిషాలే. కనీస అవసరమైన 9 గంటలకు రోజూ 1 గంట 50 నిమిషాలు తక్కువ. ఆరు బడి రోజుల్లో ఈ లోటు 11 గంటలకు చేరుతుంది. ఎవరూ లేపని ఆదివారం అతను 9 గంటల దాకా నిద్రపోతే దాన్ని బద్ధకంగా భావించరాదు. సెలవు రోజున రెండు గంటలకు మించి ఎక్కువ నిద్రపోవడం వారమంతా నిద్ర చాలలేదనడానికి గుర్తు.

ఉదయం పదేపదే లేపాల్సి రావడం, బడి బస్సులో కొద్దిసేపటికే కునుకు తీయడం కూడా ఇలాంటి గుర్తులే. నిద్ర చాలని పెద్దలు మందకొడిగా ఉంటారు. పిల్లలు మాత్రం తరచూ చిరాకు, మొండితనం, నిలకడలేని చురుకుదనం చూపుతారు. అందువల్ల అసలు కారణం మరుగున పడుతుంది.

సరిదిద్దే విధానం

రెండు వారాలు నిద్రపోయిన, లేచిన వేళలను రాసి పెట్టాలి. పై బాలుడు 9 గంటలకల్లా నిద్రపోవాలంటే 8.40కి దీపం ఆర్పాలి. ఒక్కసారిగా మారిస్తే నిద్ర పట్టదు. మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరిపితే మూడు నాలుగు వారాల్లో ఆ వేళకు చేరవచ్చు. సెలవు రోజున కూడా లేచే వేళ గంటకు మించి మారకూడదు. కౌమారంలో నిద్ర వచ్చే వేళ సహజంగానే ఆలస్యమవుతుంది కనుక వారి విషయంలో మార్పు మరింత నెమ్మదిగా జరుగుతుంది.

తగినన్ని గంటలు నిద్రపోయినా పగలు మగతగా ఉంటే నిద్ర నాణ్యతను అనుమానించాలి. వారంలో మూడు లేదా అంతకు మించిన రాత్రులు గురక, నోటితో శ్వాస, మధ్యలో ఊపిరి ఆగినట్లు కనిపించడం ఉంటే టాన్సిల్స్, ఎడినాయిడ్స్ వాపు కారణం కావచ్చు. అటువంటప్పుడు పడుకునే వేళ మార్చితే ఫలితం ఉండదు. పిల్లల వైద్యుడికి చూపించాలి.