సాలగ్రామంలోని సముద్రం

పూజగదిలోని సాలగ్రామంలో కనిపించే చక్రం ఒకప్పటి సముద్రజీవి గుల్ల ముద్ర. అది దొరికేదేమో నేపాల్ హిమాలయాల్లో, గండకి నదిలో! భారత ఫలకం ఉత్తరానికి జరిగి ఆసియాను నెట్టినప్పుడు, మధ్యనున్న టెథిస్ సముద్రం అడుగున పేరుకున్న పొరలు, రెండు వైపుల నుంచీ తోసిన చాపలా ముడుతలు పడి పైకి లేచాయి. ఇవే ముడుత పర్వతాలు. ఆ నెట్టుడు ఇప్పటికీ ఆగలేదు.

నేలను అటూ ఇటూ లాగితే కథ వేరు. పైనున్న గట్టి రాయి వంగదు, నిలువునా పగులుతుంది. రెండు పగుళ్ల మధ్య ముక్క కుంగితే పగులు లోయ, పక్కన ఎత్తుగా నిలిచినది ఖండ పర్వతం. రైన్ నది లోయకు ఒకవైపు జర్మనీ బ్లాక్ ఫారెస్ట్, మరోవైపు ఫ్రాన్స్ వోజ్ కొండలు అలా నిలిచినవే.

మన గోదావరి లోయా కుంగినదే. ఆ పల్లంలో 25 కోట్ల ఏళ్లకు ముందే పూడిపోయిన చెట్లూ చేమలే నేటి సింగరేణి బొగ్గు.