రామప్పలో షార్ట్ ఫిల్మ్‌కు క్రౌడ్ ఫండింగ్: పోస్టులో ఏ లెక్క చెప్పాలి?

పాలంపేటలోని రామప్ప గుడి దగ్గర షార్ట్ ఫిల్మ్ తీయాలని ఓ టీమ్ అనుకుందనుకుందాం. ఖర్చు 3 లక్షలు. 'తలా 500 ఇవ్వండి, టీషర్ట్ పంపిస్తాం, మూడు నెలల్లో సినిమా చూపిస్తాం' అని పోస్టు పెట్టారు. వినడానికి బాగానే ఉంది. కానీ లెక్క వేస్తేనే అసలు విషయం తెలుస్తుంది.

500లో సినిమాకు మిగిలేది ఎంత?

ప్లాట్‌ఫామ్, పేమెంట్ గేట్‌వే ఫీజులు కలిపి 8 శాతం అనుకుంటే 40 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీతో 47 అవుతుంది. టీషర్ట్‌కి 250, కొరియర్‌కి 80 పోతే మిగిలేది 123 రూపాయలే. అంటే 600 మంది ఇచ్చి 3 లక్షలు వచ్చినా, సినిమాకు చేరేది సుమారు 74 వేలు! షూటింగ్ ఎలాగోలా అయిపోతుంది, ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్ దగ్గర డబ్బులు అయిపోయి సినిమా హార్డ్ డిస్క్‌లోనే ఉండిపోతుంది.

టీషర్ట్ బదులు టైటిల్స్‌లో పేరు, అందరికంటే ముందు చూసే ప్రైవేట్ లింక్ ఇస్తే ఆ ఖర్చు ఉండదు. అప్పుడు కూడా చేతికి 3 లక్షలు రావాలంటే అడగాల్సింది సుమారు 3.31 లక్షలు. ఫీజుల కోసమే ఎక్కువ అడుగుతున్నామని పోస్టులోనే రాసేయాలి.

డేట్ ఎప్పుడు చెప్పాలి?

రామప్ప 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇది భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఇక్కడ సినిమా షూటింగ్‌కు ముందే అప్లై చేసి పర్మిషన్ తీసుకోవాలి, ఫీజు, డిపాజిట్ కట్టాలి. డిపాజిట్ తిరిగి వచ్చే డబ్బు కాబట్టి దాన్ని ఖర్చులో కలపకూడదు, విడిగా చూపించాలి. అందుకే 'ఫలానా తేదీకి రిలీజ్' అనడం కంటే 'పర్మిషన్ వచ్చిన ఇన్ని నెలలకు' అని చెప్పడమే నిజాయితీ. పర్మిషన్ రాకపోతే ఎక్కడ తీస్తారో కూడా చెప్పాలి. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కి పంపే ఆలోచన ఉంటే యూట్యూబ్ రిలీజ్ ఆలస్యం అవుతుందని ముందే చెప్పాలి.

టార్గెట్ రాకపోతే?

కొన్ని ప్లాట్‌ఫామ్స్‌లో టార్గెట్ చేరకపోతే డబ్బులు వెనక్కి వెళ్తాయి. కొన్నింట్లో వచ్చినంత టీమ్‌కే ఇస్తారు. రెండో పద్ధతి అయితే లక్షన్నరే వస్తే ఏం చేస్తారన్నది పోస్టులో ఉండాలి.

పెద్ద సినిమాకూ ఈ దారి ఉంది. 2018లో వచ్చిన 'మను' సినిమాకు దర్శకుడు ఫణీంద్ర నర్సెట్టి సుమారు 115 మంది నుంచి కోటి రూపాయల దాకా సేకరించారు. అయితే లాభంలో వాటా ఇస్తామంటే అది పెట్టుబడి వ్యవహారం, దానికి రూల్స్ వేరు. పోస్టర్, టైటిల్స్‌లో పేరు లాంటివి మాత్రం రివార్డులే. డబ్బు పంపేముందు, మీరు ఇస్తున్నది ఏ లెక్కలోకి వస్తుందో పోస్టులో రాసి ఉందో లేదో చూసుకోండి.