నొప్పి లేదు, మంట లేదు, మరి మందెందుకు?

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఒకే వారంలో, ఒకే ల్యాబులో మూత్రం కల్చర్ పరీక్ష చేయించుకున్నారనుకుందాం. అత్తగారికి 58 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. కోడలికి నాలుగో నెల. ఇద్దరికీ మంట లేదు, జ్వరం లేదు, పొత్తికడుపులో నొప్పీ లేదు. రెండు రిపోర్టులూ మాత్రం ఒకే మాట చెప్పాయి: ఇ.కోలై అనే బ్యాక్టీరియా, మిల్లీలీటరుకు లక్షకు పైగా. డాక్టరు కోడలికి ఏడు రోజుల యాంటీబయాటిక్ రాశారు. అత్తగారికి ఏమీ రాయలేదు. ‘‘మంట గానీ జ్వరం గానీ వస్తే రండి’’ అని పంపేశారు.

ఇంటికొచ్చాక అత్తగారికి సందేహం రాక మానదు. కడుపుతో ఉన్న పిల్ల వీలైనంత తక్కువ మందులు వేసుకోవాలంటారు కదా! అలాంటిది ఆ పిల్లకి రాసి, నాకు వద్దనడం ఏమిటి? ప్రశ్న సరైనదే. జవాబు బ్యాక్టీరియాలో లేదు, అది చేరిన ఒంట్లో ఉంది.

ఏ బాధా లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతూ ఉండటాన్ని వైద్యులు ఎసింప్టమాటిక్ బ్యాక్టీరియూరియా (లక్షణాలు లేని మూత్ర ఇన్ఫెక్షన్) అంటారు. గర్భిణుల్లో నూటికి రెండు నుంచి పది మంది దాకా ఇది కనిపిస్తుంది. గర్భం లేని ఆడవాళ్లలోనూ దాదాపు ఇంతే. అంటే గర్భం వచ్చినందువల్ల బ్యాక్టీరియా కొత్తగా వచ్చి చేరడం లేదు. పేగుల్లో ఉండే ఇ.కోలై మలద్వారం దగ్గర నుంచి మూత్రం బయటికి వచ్చే దారిలోకి చేరుతుంది. ఆడవాళ్లలో ఆ దారి పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లే. కాబట్టి మూత్రాశయం దాకా వెళ్లడం దానికి పెద్ద ప్రయాణం కాదు. ఇందులో శుభ్రత లోపం కన్నా శరీర నిర్మాణం పాత్రే ఎక్కువ. రిపోర్టు చూసి కోడల్ని ఎవరైనా దెప్పబోతే ఈ సంగతి చెప్పాలి.

గర్భంలో మారేది ఆ తరువాతి కథ. మూత్రాశయంలో ఉన్న బ్యాక్టీరియా పైకెక్కి కిడ్నీని చేరడానికి దారి తేలికవుతుంది.

కిడ్నీల నుంచి మూత్రాశయానికి రెండు సన్నని నాళాలు ఉంటాయి. ఒక్కోటి సుమారు 25 సెంటీమీటర్లు. ఇవి ఊరికే నీళ్లు జారే పైపులు కావు. వీటి గోడల్లో కండరం ఉంటుంది. అది అలలు అలలుగా ముడుచుకుంటూ మూత్రాన్ని కిందికి తోస్తుంది. ఒక బ్యాక్టీరియా పైకి పాకబోయినా ఆ తోపుడుకి మళ్లీ కిందికే వస్తుంది.

గర్భం రాగానే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను బాగా పెరుగుతుంది. గర్భసంచి కండరం నెలలు నిండక ముందే ముడుచుకోకుండా చూడటం దాని పనుల్లో ఒకటి. కానీ ఆ హార్మోను గర్భసంచి దగ్గరే ఆగదు. అలాంటి కండరం ఉన్న ప్రతిచోటా పట్టు సడలిస్తుంది. గర్భిణులకు మలబద్ధకం, గుండెల్లో మంట రావడానికి ఒక కారణం ఇదే. మూత్రనాళాలూ వదులవుతాయి, అలల జోరు తగ్గుతుంది. దానికి తోడు, పెరిగే గర్భసంచి కటి అంచు దగ్గర ఈ నాళాలను నొక్కుతుంది. నొక్కిన చోటుకి పైన మూత్రం నిలిచి నాళం ఉబ్బుతుంది. పారే కాలువలో పట్టని పాచి నిలిచిన గుంటలో పట్టినట్టే, ఇక్కడా బ్యాక్టీరియాకు తీరిక దొరుకుతుంది.

ఈ ఒత్తిడి రెండు వైపులా ఒకేలా ఉండదు. పెరిగే గర్భసంచి కొద్దిగా కుడివైపు ఒరుగుతుంది. ఎడమవైపు పెద్దపేగు చివరి భాగం మెత్తలా అడ్డుంటుంది. అందుకే గర్భిణికి కిడ్నీ ఇన్ఫెక్షన్ వస్తే ఎక్కువసార్లు కుడివైపే వస్తుంది. కుడి పక్కటెముకల కింద, వెనక వైపున నొప్పి, దాంతోపాటు వణికించే చలిజ్వరం, వాంతులు ఉంటే డాక్టరు ముందుగా అనుమానించేది దాన్నే.

మూత్రాశయం కూడా వదులవుతుంది, వెళ్లొచ్చాక కొంత మిగిలిపోతుంది. గర్భంలో కిడ్నీలు కొంత గ్లూకోజును మూత్రంలోకి వదిలేయడం కూడా మామూలే. బ్యాక్టీరియాకు అది తిండి.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఆవిడ మూత్రనాళాల పట్టు సడలలేదు, వాటిని నొక్కేదీ ఏదీ లేదు. ఆవిడ మూత్రాశయంలోని ఇ.కోలై ఎన్నాళ్లయినా అక్కడే, ఏ హానీ చేయకుండా ఉండిపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో కూడా లక్షణాలు లేనప్పుడు మందు ఇవ్వడం వల్ల మేలు కనపడలేదు. పైగా మందు వాడితే ఆ నెమ్మదస్తురాలు పోయి, మందుకు లొంగని మరో రకం ఆ చోట చేరే ప్రమాదం ఉంది. నిజానికి ఆవిడకు ఆ పరీక్షే అక్కర్లేదు.

కోడలి విషయంలో లెక్క వేరు. 1950లలో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు ఏ బాధా లేని గర్భిణుల మూత్రాన్ని వరసగా పరీక్షించాడు. మిల్లీలీటరుకు లక్ష అన్న గీత ఆయన పనిలోంచే వచ్చింది. బ్యాక్టీరియా ఉండి మందు తీసుకోని గర్భిణుల్లో పెద్ద వాటాకి తరువాతి నెలల్లో పైలోనెఫ్రైటిస్ (కిడ్నీకి సోకిన ఇన్ఫెక్షన్) వచ్చింది. మందు తీసుకున్నవాళ్లలో అది బాగా తగ్గింది. అప్పటి నుంచి పుస్తకాల్లో ఉన్న అంకె ఇది: మందు ఇవ్వకపోతే నూటికి 20 నుంచి 40 మందికి కిడ్నీ దాకా పాకుతుంది.

ఆ అంకె ఈనాటికి కొంచెం ఎక్కువేనని నాకనిపిస్తుంది. 2015లో వెలువడిన ఒక డచ్ అధ్యయనంలో షుగర్ లాంటి ఇతర సమస్యలు లేని గర్భిణులనే చూశారు. అక్కడ మందు తీసుకోనివాళ్లలో కిడ్నీ ఇన్ఫెక్షన్ వచ్చింది నూటికి రెండున్నర మందికే. మూత్రంలో బ్యాక్టీరియా లేనివాళ్లతో పోలిస్తే అదీ నాలుగింతలే, కానీ 30 మందికీ ఇద్దరు ముగ్గురికీ చాలా తేడా ఉంది. అయినా మన దగ్గర మందు రాయడమే సబబు. ఆ అధ్యయనంలో ఎంచుకున్నది ఆరోగ్యవంతులను. మన గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువ, షుగరూ ఎక్కువే, జ్వరం వచ్చిన రోజునే ఆస్పత్రికి చేరేవాళ్లు తక్కువ. ఇక పైలోనెఫ్రైటిస్ వచ్చిందంటే అది మాత్రలతో ఇంట్లో తగ్గే జబ్బు కాదు. ఆస్పత్రిలో చేరాలి, నరానికి మందు ఎక్కించాలి. కొందరికి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, నెలలు నిండకుండానే నొప్పులు మొదలవుతాయి. ఇంత ముప్పుకి ఎదురుగా ఉన్నది వారం రోజుల మాత్రలు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది కూడా ఆ ఏడు రోజుల మందునే.

లక్షణాలు వచ్చాక చూద్దామంటే ఇంకో చిక్కుంది. గర్భిణి మాటిమాటికీ మూత్రానికి లేస్తుంది. నడుం నొప్పి అంటుంది. ఇవన్నీ గర్భంలో మామూలే. మంట ఉంటే ‘‘వేడి చేసింది’’ అని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ ఇస్తాం. నీళ్లు ఎక్కువ పట్టించినందువల్ల మూత్రం పలచబడి మంట తగ్గుతుంది కూడా. అక్కడే మోసపోతాం. మంట తగ్గినంత మాత్రాన బ్యాక్టీరియా పోయినట్టు కాదు. బార్లీ నీళ్లు తాగొచ్చు, అభ్యంతరం లేదు. వాటితో పాటు ఒక సీసా ల్యాబుకీ వెళ్లాలి.

ఆ సీసాలోకి ఏం పట్టామన్నదే రిపోర్టును నిర్ణయిస్తుంది. ముందు నీళ్లతో కడుక్కుని, మొదట వచ్చే మూత్రాన్ని వదిలేసి, ధార మధ్యలో పట్టాలి. రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి, లేదా ఫ్రిజ్‌లో ఉంచాలి. ల్యాబులో మిల్లీలీటరులో వెయ్యో వంతు మాత్రమే ఎత్తే చిన్న తీగ చుట్టతో మూత్రాన్ని తీసి, పోషకాలున్న పళ్లెం మీద పూస్తారు. రాత్రంతా వెచ్చగా ఉంచితే ఒక్కో బ్యాక్టీరియా ఒక్కో చుక్కలా పెరిగి కంటికి కనిపిస్తుంది. నూరు చుక్కలు వచ్చాయంటే, వెయ్యితో హెచ్చిస్తే లక్ష. సీసా మధ్యాహ్నం దాకా బండి డిక్కీలో ఉండిపోయిందనుకోండి, అరగంటకోసారి రెట్టింపయినా రెండు గంటల్లో పదహారింతలవుతుంది. అప్పుడు లేని జబ్బు కాగితం మీద పుడుతుంది. మూడు నాలుగు రకాల బ్యాక్టీరియా కలిసి కనిపిస్తే అది చర్మం మీది నుంచి పడిన కలుషితమే కావచ్చు. మళ్లీ ఇవ్వాలి.

మామూలు మూత్ర పరీక్షలో ‘పస్ సెల్స్’ అనే అంకె చూసి నిర్ణయించకూడదా? గర్భిణికి తెల్లబట్ట కొంత ఎక్కువే ఉంటుంది, దాంట్లోంచి కూడా పస్ సెల్స్ వస్తాయి. మరోపక్క, లక్షణాలు లేని ఇన్ఫెక్షన్‌లో పస్ సెల్స్ లేకపోవచ్చు. కాబట్టి ఆ అంకె రెండు వైపులా తప్పుదారి పట్టిస్తుంది. మొదటిసారి డాక్టరుకు చూపించుకున్నప్పుడే ఒక కల్చర్ చేయించడం మేలు. దాని ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో కూడా అదే చెబుతుంది.

మన కోడలికి రాసింది నైట్రోఫ్యూరాంటోయిన్. ఇది మూత్రంలో బాగా చేరుతుంది, కిడ్నీ కణజాలంలో తగినంతగా చేరదు. అందుకే మూత్రాశయంలో ఉన్నదానికి పనికొస్తుంది, పైలోనెఫ్రైటిస్‌కు పనికిరాదు. వేసుకున్న రోజుల్లో మూత్రం ముదురు పసుపుగా, ఒక్కోసారి గోధుమరంగులో వస్తుంది. భయపడి మానేయకూడదు. నెలలు నిండే సమయంలో మాత్రం దీన్ని ఇవ్వరు, పుట్టబోయే బిడ్డ ఎర్రకణాలు చిట్లే అవకాశం ఉంది. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న తల్లికీ ఇవ్వరు. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటివి గర్భంలో సాధారణంగా వాడరు. మందుల షాపులో అడిగి తెచ్చుకునేది తరచూ అదే కనుక ఇక్కడ చెబుతున్నాను.

ఏడు రోజులు అయ్యాక వారం రెండు వారాల్లో మళ్లీ కల్చర్ చేయాలి. కోడలి రెండో రిపోర్టులో బ్యాక్టీరియా లేదు. అయినా కొందరిలో తిరగబెడుతుంది. నాళాలు పూర్వస్థితికి వచ్చేది కాన్పయిన ఆరు వారాలకు. అందుకని డాక్టరు మధ్యమధ్యలో మళ్లీ చేయిస్తానన్నారు.

కల్చర్‌లో ఇ.కోలై బదులు గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే పేరు కనిపిస్తే ఇంకో సంగతి ఉంది. మాత్రలతో మూత్రం శుభ్రపడ్డా, కాన్పు నొప్పుల సమయంలో తల్లికి నరం ద్వారా పెన్సిలిన్ ఇవ్వాలి, లేకపోతే బిడ్డకు సోకవచ్చు. మన దగ్గర తొలి కాన్పుకి పిల్ల పుట్టింటికి వెళుతుంది. ఊరు మారుతుంది, డాక్టరు మారుతుంది, నాలుగో నెల రిపోర్టు అత్తారింటి బీరువాలో ఉండిపోతుంది. చీరలు, గాజులు సర్దిన సంచీలో ఆ కాగితం కూడా పెట్టాలి.