ఎర్ర కణమే కొలబద్ద

రక్తపు చుక్కను గాజు స్లైడు మీద పల్చగా లాగి, రంగు వేసి, మైక్రోస్కోపులో తీసిన ఫొటోలో కొలత గీత లేకపోయినా ఫరవాలేదు. ఫొటో నిండా కనిపించే గులాబీ రంగు గుండ్రటి ఎర్రకణాలే కొలబద్ద. ఒక్కోటి అడ్డంగా 7, 8 మైక్రాన్లు ఉంటుంది. కేంద్రకం ఉండదు, నడుమ కాస్త పాలిపోయి కనిపిస్తుంది.

మన ల్యాబుల్లో ఎక్కువగా వాడే లీష్మన్ స్టెయిన్‌లో రెండు రకాల రంగులున్నాయి. ఇయోసిన్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుని గులాబీ రంగునిస్తుంది. మిథిలీన్ బ్లూ, దాని నుంచి పుట్టిన రంగులు కేంద్రకాన్ని ఊదాగా మారుస్తాయి. అందుకే ముదురు ఊదా కేంద్రకం కనబడితే అది దాదాపుగా తెల్లకణమే. న్యూట్రోఫిల్ ఎర్రకణానికి సుమారు ఒకటిన్నర రెట్లుంటుంది, దాని కేంద్రకం తమ్మెలు తమ్మెలుగా చీలి ఉంటుంది. చిన్న లింఫోసైట్ మాత్రం తికమక పెడుతుంది, ఎర్రకణం కంటే కొంచెమే పెద్దది కనుక. దాన్ని పట్టించేది దాదాపు కణమంతా నిండిన గుండ్రటి కేంద్రకమే. ఆ కేంద్రకం మామూలు ఎర్రకణమంత ఉంటుంది. ఐరన్ లోపంతో ఎర్రకణాలు చిన్నవైపోయి కొలబద్దే తప్పినప్పుడు, దాన్ని సరిచూసుకోవడానికి ఇదే ఆధారం.

రంగునూ గుడ్డిగా నమ్మకూడదు. స్లైడు కడిగే నీటిలో క్షారగుణం ఎక్కువైతే ఎర్రకణాలు బూడిద, నీలి ఛాయకు తిరుగుతాయి. ఆమ్లగుణం ఎక్కువైతే అవి మరీ ఎర్రబడి, కేంద్రకాలు వెలిసిపోతాయి. అందుకే పి.హెచ్. 6.8 దగ్గర ఉంచిన బఫర్ నీళ్లు వాడతారు.

ప్లేట్‌లెట్లు 2, 3 మైక్రాన్లే, అంటే ఎర్రకణంలో మూడో వంతు. కేంద్రకం లేని ఊదా చుక్కల్లా ఉంటాయి, లోపల సన్నని రేణువులు కనిపిస్తాయి. గడ్డకట్టిన రంగు మరకలు కూడా ఇలాగే భ్రమ పెడతాయి, కానీ అవి మరీ నల్లగా, ఆకారం లేకుండా ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. మెషీను ప్లేట్‌లెట్లు 40,000 అని చెప్పింది. రోగికి రక్తస్రావం లేదు. స్లైడు చివరి అంచున చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఇ.డి.టి.ఎ. వల్ల కొందరిలో ఇలా జరుగుతుంది. మెషీను గుంపును విడివిడి ప్లేట్‌లెట్లుగా లెక్కించలేదు. గుంపులు లేని స్లైడైతే ఆయిల్ లెన్సు కింద ఒక్కో దృశ్యంలో సగటున ఎన్ని ఉన్నాయో చూసి 15,000తో గుణిస్తారు: సగటు 12 ఉంటే సుమారు 1,80,000. గుంపులుంటే ఆ లెక్క పనికిరాదు. అప్పుడు నీలి మూత సిట్రేట్ ట్యూబులోకి మళ్లీ రక్తం తీసి, వచ్చిన సంఖ్యను 1.1తో గుణించాలి. సిట్రేట్ ద్రావణం రక్తాన్ని ఆ మేరకు పలుచన చేస్తుంది.